ఆషాఢం ఆఫర్: ధర జోలికి పోకుండా ఏం ఇవ్వొచ్చు?

ప్రశ్న: "నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఉప్పాడ జాందానీ చీరలు అమ్ముతున్నాను. చిన్న షోరూమ్, ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉన్నాయి. చీర సగటున 18 వేలు. మామూలు నెలలో 30 దాకా వెళ్తాయి, ఆషాఢంలో మాత్రం 12 దాటవు. ఇంకో నాలుగు వారాల్లో ఆషాఢం. మా వీధిలో అన్ని షాపులూ ఏటా లాగే 'ఫ్లాట్ 50' బోర్డులు రెడీ చేసుకుంటున్నాయి. మనమూ 25 శాతం పెడదాం, ఈ ఒక్కసారికే కదా అంటారు మావారు. పెడితే మా పేరు పోతుందేమోనని టెన్షన్. పెట్టకపోతే అద్దె ఎలా కట్టాలని టెన్షన్. ఏం చేయమంటారు?"
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు:

25 శాతం పెట్టకండమ్మా. పేరు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు మీవారితో కూర్చుని ఒక చిన్న లెక్క వేయండి. మీ కొనుగోలు ధరలు రాయలేదు కాబట్టి ఉదాహరణకు నా అంకెలు వేసి చూపిస్తాను. మీ పుస్తకంలో ఉన్నవి పెట్టుకుని ఇదే లెక్క మళ్లీ చేయండి. సులువుగా ఉండటానికి జీఎస్టీని పక్కన పెడుతున్నాను.

18 వేల చీరకు నేతగాళ్లకు 11 వేలు ఇచ్చారనుకుందాం. కవరు, కొరియర్, కార్డు చార్జీలు, ఫొటోల ఖర్చు కలిపి ఇంకో వెయ్యి. మీ చేతిలో మిగిలేది 6 వేలు. అద్దె, జీతాలు అందులోంచే కట్టాలి. ఆషాఢంలో 12 చీరలు అమ్మితే 72 వేలు వస్తున్నాయి.

ఇప్పుడు 25 శాతం తగ్గించండి. కస్టమర్ ఇచ్చేది 13,500. నేతగాళ్ల 11 వేలు తగ్గవు, ఆ వెయ్యి ఖర్చూ తగ్గదు. మీకు మిగిలేది 1,500. ధరలో తగ్గింది పావు వంతే, మీ మిగులులో పోయింది మాత్రం ముప్పావు వంతు. పాత 72 వేలే మళ్లీ రావాలంటే 48 చీరలు అమ్మాలి. 12 కాదు, 48. మీ మామూలు నెల కంటే కూడా అది ఎక్కువ. అంత సరుకు తెచ్చి పెట్టాలంటే 5 లక్షల 28 వేలు కావాలి. పైగా జాందానీ ఫోన్ చేయగానే దిగే సరుకు కాదు. బుటా బుటాకీ పోగు చేత్తో అల్లాలి, పని ఎక్కువున్న చీర వారాల తరబడి మగ్గం మీదే ఉంటుంది.

ఈ లెక్కలోకి రాని నష్టం ఇంకొకటి ఉంది. ఆషాఢం వెనకే శ్రావణం. మీ కస్టమర్లలో చాలామంది వరలక్ష్మీ వ్రతానికి ఎలాగూ చీర కొనేవాళ్లే. మూడు వారాల తర్వాత 18 వేలిచ్చి కొనాల్సినావిడ ఇప్పుడు వచ్చి 13,500కి తీసుకెళ్తుంది. ఆషాఢం లెక్క చూసి సంతోషపడతారు, శ్రావణం గల్లా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అందుకే ఈ రెండు నెలల అమ్మకాలను ఎప్పుడూ విడిగా చూడకూడదు. ఏ ఆఫర్ పెట్టినా రెండూ కలిపి నిరుటి రెండు నెలలతో పోల్చండి. అక్కడ మిగిలితేనే మిగిలినట్టు.

"ఈ ఒక్కసారికే" అన్న మాట గురించి నా షాపులో జరిగింది చెప్తాను. నేను గద్వాల, వెంకటగిరి చీరలు అమ్మేదాన్ని. ఒక ఆషాఢంలో చేతిలో డబ్బు ఆడక 20 శాతం తగ్గింపని అద్దాల మీద బ్యానర్ కట్టాను. పది రోజుల ముందే ఒక టీచరమ్మ కూతురి నిశ్చితార్థానికి గద్వాల చీర పూర్తి ధరకు తీసుకెళ్లింది. ఫాల్ కుట్టించిన ఆ చీరకు జాకెట్టు గుడ్డ మ్యాచింగ్ చూసుకుందామని మళ్లీ వచ్చింది. షెల్ఫులో అదే నేత, వేరే రంగు చీర కనిపించింది. దాని చీటీని రెండు వేళ్లతో తిప్పి ధర చూసింది, తలెత్తి బ్యానర్ చూసింది. ఏమీ అడగలేదు. "మ్యాచింగ్ ఇంకోసారి చూస్తాలేండి" అని వెళ్లిపోయింది. ఎనిమిదేళ్ల కస్టమర్, మళ్లీ రాలేదు. ఇక మరుసటి ఏడాది ఉగాది వెళ్లగానే ఫోన్లు మొదలయ్యాయి: "ఈసారి ఆఫర్ ఎప్పుడండీ?" కొత్త సరుకు చూపిస్తుంటే "బాగుంది, ఆషాఢంలో చూద్దాం" అనేవాళ్లు. నా చీరకు రెండు ధరలున్నాయని నేనే వాళ్లకు నేర్పాను.

నేర్పడం తేలిక, మరిపించడం కష్టం. అమెరికాలో జేసీ పెన్నీ అని పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల కంపెనీ ఉంది. ఏళ్ల తరబడి కూపన్లు, సేళ్లతోనే నడిచింది. 2011 చివర్లో కొత్త సీఈఓగా వచ్చిన రాన్ జాన్సన్, ఈ నాటకం వద్దు, రోజూ ఒకే న్యాయమైన ధర పెడదామని 2012లో కూపన్లు ఆపేశాడు. ఆలోచన మంచిదే. కానీ కస్టమర్లు అప్పటికే తగ్గింపు కనిపిస్తేనే కొనడానికి అలవాటు పడ్డారు. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు పావు వంతు పడిపోయాయి. 2013లో ఆయన్ని పంపించేశారు, కూపన్లు మళ్లీ వచ్చాయి. అంత పెద్ద కంపెనీకే ఆ అలవాటు మాన్పించడం చేతకాలేదు. మీకు ఆ అలవాటు ఇంకా అంటలేదు, అది మీ అదృష్టం.

మరి అద్దె మాటేమిటి? ఆషాఢంలో మీరు ఇవ్వగలిగింది ఒకటుంది, ఆ 'ఫ్లాట్ 50' బోర్డుల వాళ్ల దగ్గర అది లేదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి చీరల షాపులే కాదు, టైలర్లూ ఖాళీగానే ఉంటారు. శ్రావణం వచ్చిందంటే వాళ్లను పట్టుకోలేం. వ్రతానికి రెండు రోజుల ముందు "అక్కా, రేపిస్తా" అంటారు, ఆ రేపు ఎప్పటికీ రాదు. 18 వేల చీర బీరువాలో ఉండి, జాకెట్టు అందక పాత చీరతో పూజలో కూర్చున్న ఆడవాళ్లు మీ కస్టమర్లలోనే ఎందరో ఉంటారు. అడిగి చూడండి.

అందుకని మీ ఆఫర్ ఇది: చీర ధర 18 వేలే. ఆషాఢంలో తీసుకుంటే లైనింగ్ జాకెట్టు కుట్టుడు, ఫాల్, పికో, కొంగుకు కుచ్చులు మీవి. వ్రతానికి వారం ముందు కట్టుకోవడానికి సిద్ధంగా చేతికిస్తారు. ఖాళీ రోజుల్లో ఇన్ని జాకెట్లు ఒక్కసారే ఇస్తానంటే టైలర్ రేటు తగ్గిస్తారు. జాకెట్టుకు 900, ఫాల్, పికోలకు 150, మామూలు సిల్కు దారం కుచ్చులకు 350, మొత్తం 1,400 అనుకోండి. మీకు చీరకు 4,600 మిగులుతుంది. పాత 72 వేలు రావడానికి 16 చీరలు చాలు. 12 నుంచి 16కి పోవడం మీ చేతిలో పని. 48కి పోవడం కాదు.

మీవారు ఇక్కడ ఒక మాట అడగొచ్చు, అడగాల్సిందే కూడా. 10 శాతం తగ్గిస్తే 1,800 పోతుంది, 18 చీరలు అమ్మితే సరిపోతుంది, లెక్క దాదాపు ఒకటే, ఈ కుట్టుళ్ల గొడవంతా ఎందుకు? ఎందుకంటే వీధంతా 50 అని రాసి ఉంటే మీ 10 ఎవరి కంటా పడదు. కంటబడ్డా "వీళ్లు ఇంకా తగ్గిస్తారేమో, అడిగి చూద్దాం" అనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, 16,200 అన్న అంకె ఒకసారి బిల్లు మీద పడితే ఆ చీర అసలు ధర అదేనని కస్టమర్ మనసులో ఉండిపోతుంది. కుట్టుడు అలా కాదు. మీకు 1,400కి అయ్యేదే ఆవిడ విడిగా చేయించుకుంటే ఎక్కువ అవుతుంది, తిరుగుడు అదనం. శ్రావణంలో ఆ ఆఫర్ తీసేసినా ఎవరూ మోసపోయామనుకోరు. టైలర్లకు తీరిక లేని నెల అని అందరికీ తెలుసు. ఆఫర్ వెనక కారణం ఇలా కస్టమర్‌కు కూడా కనబడాలి. కారణం కనబడని తగ్గింపుకు జనం తామే ఒక కారణం ఊహించుకుంటారు: సరుకు పోవట్లేదేమో, లేదా ఇన్నాళ్లూ మన దగ్గర ఎక్కువ లాగారేమో.

చేసేటప్పుడు తప్పులు ఎక్కడ జరుగుతాయో కూడా చెప్తాను. మొదటిది జాకెట్టే. కొలతలు టేపుతో మీ షాపులో అమ్మాయి తీస్తే గొడవ. ఆది జాకెట్టు తెస్తేనే కుడతామని ముందే చెప్పండి, అదీ ఈ మధ్య కుట్టించుకుని సరిగ్గా సరిపోయినదే తెమ్మనండి. మెడ డిజైన్ మూడు రకాలకు మించి ఇవ్వొద్దు. మగ్గం వర్క్ కావాలంటే ఆ డబ్బు విడిగా. చీరలోని జాకెట్టు ముక్క కోసే ముందు పొడవు కొలిచి చీటీ మీద రాసి ఆవిడకు చూపించండి. భుజం జారినా, చంక బిగుసుకున్నా ఆవిడ టైలర్‌ను తిట్టదు, మిమ్మల్నే అంటుంది. అందుకే ఇచ్చిన తేదీకీ వ్రతానికీ మధ్య ఆ వారం గడువు. సరిదిద్దడానికి అది కావాలి.

రెండోది సంఖ్య. మీ టైలర్లు మూడు వారాల్లో నాణ్యంగా 20 జాకెట్లు కుట్టగలిగితే ఆఫర్ 20 చీరలకే. "త్వరపడండి, స్టాక్ అయిపోతోంది" అని ఎర్ర అక్షరాల్లో రాయాల్సిన పనిలేదు. నిజమైన సంఖ్య, నిజమైన కారణం రాస్తే చాలు. 21వ ఆవిడ వచ్చి బతిమాలినా ఒప్పుకోకండి. కావాలంటే ఆవిడకు ఫాల్, కుచ్చులు చేసివ్వండి. అక్కడ మెత్తబడితే ఆ సంఖ్య అబద్ధమని అందరికీ తెలిసిపోతుంది.

మూడోది పాత కస్టమర్లు. నా టీచరమ్మను నేను పోగొట్టుకున్నట్టు మీరు పోగొట్టుకోకూడదు. కిందటి నెలలో కొన్న ముప్పై మందికి ముందే మీరే మెసేజ్ పెట్టండి: "మీ చీర తీసుకురండి, ఫాల్, కుచ్చులు మేం చేసిస్తాం." అవి ఇప్పటికే చేయించుకున్న వాళ్లకు ఒకసారి రోలింగ్ పాలిష్. అందరూ రారు. పది మంది వస్తే తలా 500 చొప్పున 5 వేలు. ఒక చీర మీద మిగిలే డబ్బు కంటే కాస్త ఎక్కువ, అంతే. అంటే మీ లక్ష్యం 16 నుంచి 17 అవుతుంది. మొదటి మూడు రోజులు ఈ ఆఫర్‌ను పాత కస్టమర్లకే వాట్సాప్‌లో చెప్పండి, ఆ తర్వాతే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టండి. ఊళ్ల నుంచి, అమెరికా నుంచి ఆర్డర్ చేసేవాళ్లు ఆది జాకెట్టు పంపలేరు కాబట్టి వాళ్లకు జాకెట్టు వద్దు. ఫాల్, కుచ్చులు చేసి పంపండి, మిగిలిన మొత్తాన్ని కొరియర్ చార్జీలో తగ్గించండి.

మెసేజ్ ఇలా ఉంటే చాలు:

"ఈ శ్రావణానికి చీరతో పాటు జాకెట్టు కూడా సిద్ధంగా. ఆషాఢంలో మా దగ్గర తీసుకున్న జాందానీకి లైనింగ్ జాకెట్టు కుట్టుడు, ఫాల్, పికో, కొంగు కుచ్చులు మావి. ఆది జాకెట్టు తెస్తే చాలు, వరలక్ష్మీ వ్రతానికి వారం ముందు మీ చేతికి అందుతుంది. మా టైలర్లు ఈ నెలలో 20 జాకెట్లు కుట్టగలరు, కాబట్టి 20 చీరలకే."

ఇందులో ఎక్కడా శాతం లేదు, కొట్టేసిన ధర లేదు, 'ఫ్రీ' అన్న మాట లేదు. దీన్ని చదివినావిడకు కనిపించేది మీ చీర, ఆ చీర కట్టుకుని పూజలో కూర్చున్న తను.

అయితే ధర తగ్గించాల్సిన చీరలు కొన్ని ప్రతి షాపులోనూ ఉంటాయి. మీ దగ్గరా ఉండే ఉంటాయి. ఎనిమిది, పది నెలలుగా షెల్ఫులో కదలనివి. అందరికీ నచ్చుతుందని ఎక్కువ తెప్పించిన ఒక రంగు, అంచు మరీ పెద్దదైన ఒక డిజైన్. జరీ ఉన్న పట్టుచీర ఒకే మడతలో అలా పడి ఉంటే మడత గీత దగ్గర పోగు బలహీనమవుతుంది, కాబట్టి వాటిని ఉంచుకున్నకొద్దీ నష్టమే. ముందు వాటిని బయటికి తీసి, వెలుతురులో పూర్తిగా విప్పి మడత గీతలు చూడండి. చిట్లినవి ఉంటే పక్కన పెట్టండి, అవి ఏ ధరకూ అమ్మొద్దు. బాగున్నవి పది తేలాయనుకోండి, ఒక్కోటి 13 వేలకు ఇచ్చేయండి. మిగిలేది ఒక్కో వెయ్యే, కానీ ఇరుక్కుపోయిన లక్షా 10 వేలు చేతికొస్తాయి. ఈ నెల అద్దె టెన్షన్ తీర్చేది అసలు ఇదే.

కానీ వీటిని కొత్త సరుకు పక్కన పెట్టకండి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు వేయకండి. మీ దగ్గర రెండుసార్లకు మించి కొన్న వాళ్లలో పదిహేను, ఇరవై మందిని ఎంచి ఫోన్ చేయండి. "నిరుటి రంగులు పది చీరలున్నాయి, కొత్తవి రావడానికి చోటు కావాలి, మీకు ముందు చూపిద్దామని" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఒక ఆదివారం మధ్యాహ్నం షోరూమ్ వెనక గదిలో చాప వేసి, కాఫీ ఇచ్చి చూపించండి. బిల్లులో "పాత స్టాక్" అని రాయండి. అది ఆ చీరకు తగ్గిన ధర, మీ బ్రాండ్‌కు కాదు. ఆ తేడా కస్టమర్‌కు బిల్లులో కూడా కనబడాలి. సాయంత్రానికి మిగిలినవి తిరిగి షెల్ఫు మీద పెట్టి మళ్లీ 18 వేలు అనకండి. ఇంకో ఆదివారానికి ఉంచండి.

రెండు పనులు మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకండి. ఒకటి, చీటీ మీద 24 వేలు రాసి 25 శాతం తగ్గించి 18 వేలకు ఇవ్వడం. వీధిలో చాలామంది చేస్తారు. మీ నాలుగేళ్ల ఫొటోలు, ధరలు కస్టమర్ల వాట్సాప్‌లో భద్రంగా ఉన్నాయి, ఒక్క స్క్రీన్‌షాట్ చాలు. పైగా వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. రెండోది, తగ్గించిన డబ్బును నేతగాళ్ల దగ్గర రాబట్టుకోవాలని చూడడం. "ఈ నెల డల్లుగా ఉంది, వెయ్యి తగ్గించు" అంటే ఒకసారి తగ్గిస్తారు. తర్వాతి చీరలో బుటాల మధ్య దూరం పెరుగుతుంది, పల్లూలో పని పలచబడుతుంది. మీరు 18 వేలు అడగగలుగుతున్నది ఆ పని వల్లే.

ఆఫర్ అయ్యాక బాగా నడిచిందో లేదో చూడటానికి ఒక నోటుబుక్ పెట్టండి. ఆషాఢంలో కొత్తగా వచ్చినవాళ్ల పేర్లు విడిగా రాసుకోండి. సంక్రాంతి లోపు వాళ్లలో ఎంతమంది ఏ ఆఫర్ లేకుండా మళ్లీ కొన్నారో చూడండి. ఒక్కరూ రాకపోతే వాళ్లు మీ చీర కోసం కాదు, కుట్టుడు కోసం వచ్చారు. అలాగే వాట్సాప్‌లో "ఆఫర్ ఎప్పుడు" అని అడిగిన ప్రతి మెసేజ్‌కూ ఒక గీత గీయండి. దీపావళి వేళకు ఆ గీతలు పెరుగుతూ ఉంటే, వచ్చే ఆషాఢంలో ఇదే ఆఫర్ మళ్లీ పెట్టకండి. కుట్టుడు బదులు వేరేది ఆలోచించండి, లేదా ఒక ఏడాది వదిలేయండి.

నాలుగు వారాల టైముంది అన్నారు. ఈ వారంలోనే మీ టైలర్ దగ్గరికి వెళ్లి, రెండు జాకెట్లు మామూలు రేటుకే కుట్టించి చూడండి. చంక, మెడ, హెమ్మింగ్ మీ కంటికి నచ్చితే అప్పుడు "ఆషాఢంలో ఎన్ని కుట్టగలవు" అని అడగండి. ఆయన చెప్పిన సంఖ్యలో నాలుగు తగ్గించి మెసేజ్‌లో రాయండి.